సన్నని నాళికలో నీరు ఎక్కడిదాకా ఎక్కుతుంది, అక్కడే ఎందుకు ఆగుతుంది

రెండు చివరలూ తెరిచి ఉన్న సన్నని గాజు నాళికను నీటిలో నిలబెడితే, లోపలి నీరు బయటి మట్టాన్ని దాటి పైకి ఎక్కి ఒకచోట ఆగిపోతుంది. ఆ ఎత్తుకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే సూత్రం ఇది:

h = 2T cosθ / (ρ g r)

ఇందులో T తలతన్యత, θ స్పర్శకోణం, ρ ద్రవ సాంద్రత, g గురుత్వ త్వరణం, r నాళిక లోపలి వ్యాసార్ధం.

దీన్ని రాబట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది బలాల దారి. నీటి అంచు గోడను తాకే వృత్తం వెంబడి పైకి లాగే బలం 2πrT cosθ. పైకెక్కిన నీటి బరువు πr²hρg. రెండూ సమానమైన చోట నీరు ఆగుతుంది. రెండు గీతల్లో లెక్క అయిపోతుంది. రెండోది పీడనాల దారి. వంగిన నీటి ఉపరితలానికి ఇటూ అటూ పీడనం ఎంత తేడాగా ఉంటుందో చూసి, అక్కడి నుంచి ఎత్తును లెక్కగట్టడం. ఇది కాస్త పొడుగు కాబట్టి చాలామంది మొదటిదానితోనే సరిపెట్టుకుంటారు.

పైనుంచి కిందిదాకా ఒకే రంధ్రం, చాలినంత పొడవు ఉన్న నాళికకు రెండు దారులూ ఒకే జవాబిస్తాయి. అందుకే తేడా బయటపడదు. నాళిక పొట్టిదైతేనో, మధ్యలో వెడల్పు మారితేనో మొదటి దారి చేతులెత్తేస్తుంది. రెండోది మాత్రం అప్పుడూ నిలబడుతుంది. కింది లెక్కలో ఆ రెండు సందర్భాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం. ముందు తలతన్యత, స్పర్శకోణాల గురించి అవసరమైన నాలుగు మాటలు.

ద్రవం లోపల ఉన్న అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులా ఆకర్షిస్తాయి. ఉపరితలం మీది అణువుకు పైవైపు తోడు లేదు. అంటే ఒక అణువును లోపలి నుంచి ఉపరితలానికి తేవాలంటే కొంత శక్తి ఖర్చవుతుంది. ఒక చదరపు మీటరు కొత్త ఉపరితలం తయారు కావడానికి పట్టే శక్తే తలతన్యత. దాన్నే ఉపరితలం మీద గీసిన గీతకు మీటరుకింత బలం అని కూడా చెప్పొచ్చు, విలువ మారదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీటికి ఇది 0.0728 N/m. వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. 50 డిగ్రీల దగ్గర 0.068కి దిగుతుంది.

స్పర్శకోణం మాత్రం ఒక్క ద్రవానికి చెందిన గుణం కాదు. ద్రవం, ఘనపదార్థం, పైన ఉన్న గాలి, ఈ మూడూ కలిసి తేల్చే విషయం. నీటి ఉపరితలం గోడను తాకే చోట, ఆ ఉపరితలానికి స్పర్శరేఖ గీసి, దానికీ గోడకూ మధ్య ఉన్న కోణాన్ని నీటి లోపలి వైపు నుంచి కొలుస్తారు. పొడి గాజు ఉపరితల శక్తిని γ₁ అనీ, నీరు తాకిన గాజు ఉపరితల శక్తిని γ₂ అనీ అనుకుంటే, థామస్ యంగ్ 1805లో చెప్పిన షరతు ఇలా ఉంటుంది:

T cosθ = γ₁ − γ₂

కుడివైపు తేడా ఎంత ఎక్కువైతే కోణం అంత చిన్నది. శుభ్రమైన గాజుకు నీరు అంటే కోణం దాదాపు సున్నా. పాదరసం విషయంలో ఈ తేడా రుణాత్మకం, కోణం సుమారు 140 డిగ్రీలు, cosθ కూడా రుణాత్మకం. అందుకే నాళికలో పాదరసం ఎక్కకపోగా బయటి మట్టం కంటే కిందికి దిగుతుంది. 0.3 మి.మీ. వ్యాసార్ధమున్న నాళికలో ఈ దిగుడు 1.8 సెం.మీ. దాకా ఉంటుంది. పాదరసం ప్రస్తావన ఇక్కడితో చాలు, మిగతాదంతా నీటి గురించే.

ఇప్పుడు అసలు విషయం, పీడనం. వంగిన ఉపరితలానికి రెండు వైపులా ఒకే పీడనం ఉండటం కుదరదు. సన్నని నాళికలో మెనిస్కస్, అంటే నీటి పైతలం, గోళంలో ఒక ముక్కలా ఉంటుంది. ఆ గోళం వ్యాసార్ధం R అనుకుందాం. నీటి వైపు పీడనం గాలి వైపు కంటే ఇంత తక్కువగా ఉంటుంది:

ΔP = 2T / R

దీన్ని సరిచూసుకోవడం తేలిక. గోళంలో సగాన్ని తీసుకోండి. దాని అంచు పొడవు 2πR, దాని వెంట తలతన్యత లాగే బలం 2πRT. ఎదురుగా పీడనాల తేడా πR² వైశాల్యం మీద పనిచేస్తుంది. రెంటినీ సమానం చేస్తే పై సూత్రం వస్తుంది. R కి, నాళిక వ్యాసార్ధానికి ఉన్న సంబంధం R = r / cosθ. కోణం సున్నా అయితే R, r ఒకటే.

మెనిస్కస్ గిన్నెలా లోపలికి వంగి ఉంటే దాని కిందున్న నీటిలో పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. నాళికలో బయటి మట్టానికి సరిసమానంగా ఉన్న చోట మాత్రం పీడనం బయటి పీడనానికి సమానంగా ఉండి తీరాలి, నిలకడగా ఉన్న ద్రవంలో ఒకే మట్టంలో పీడనం ఒకటే కాబట్టి. ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే మధ్యలో h ఎత్తున నీటి స్తంభం ఉండాలి, అది ρgh మేరకు తేడాను పూడ్చాలి. అంటే ρgh = 2T/R. ఇందులో R బదులు r / cosθ రాస్తే మొదట్లో ఇచ్చిన సూత్రమే వస్తుంది.

గమనించాల్సింది ఒకటుంది. ఈ దారిలో స్తంభం బరువు ఎంత అన్న ప్రశ్నే రాలేదు. గోడ ఎంత లావు, కింద నాళిక ఎంత వెడల్పు అన్నవీ రాలేదు. ఎత్తును తేల్చేది మెనిస్కస్ వంపు ఒక్కటే. 1700ల మొదటి దశాబ్దంలోనే ఫ్రాన్సిస్ హాక్స్‌బీ ఒకే రంధ్రమున్న, గోడ మందం వేరువేరుగా ఉన్న నాళికల్లో నీరు ఒకే ఎత్తుకు ఎక్కుతుందని చూపించాడు. శూన్యంలో కూడా ఎక్కుతుందని చూపించాడు. పీడనం మాట వినగానే గాలే నీటిని పైకి నెడుతోందనిపిస్తుంది గానీ, గాలి పీడనం ఇక్కడ పోల్చి చూసుకునే మట్టం మాత్రమే. గాలి తీసేస్తే ఆ మట్టం మారుతుంది, తేడా మారదు.

ఇక లెక్క. 0.30 మి.మీ. లోపలి వ్యాసార్ధమున్న శుభ్రమైన గాజు నాళిక, 20 డిగ్రీల నీరు. T = 0.0728 N/m, ρ = 1000 kg/m³, g = 9.8 m/s², θ = 0.

h = (2 × 0.0728) / (1000 × 9.8 × 0.0003)
h = 0.1456 / 2.94 = 0.0495 m

అంటే 4.95 సెం.మీ. పీడనం తేడా 0.1456 / 0.0003 = 485 Pa. సాధారణ వాతావరణ పీడనం 1,01,325 Pa. దానిలో ఇది అర శాతం కూడా లేదు. స్తంభంలోని నీరు πr²hρ = 14.0 మిల్లీగ్రాములు. ఇక అంచు వెంబడి తలతన్యత బలం 2π × 0.0003 × 0.0728 = 1.372 × 10⁻⁴ N, అది సరిగ్గా 14.0 మి.గ్రా. బరువే. ఇప్పటిదాకా రెండు దారులకూ తేడా లేదు.

ఇప్పుడు అదే నాళికను నీటి మట్టం నుంచి 3 సెం.మీ. మాత్రమే పైకి ఉండేలా కత్తిరించండి. నీరు 4.95 సెం.మీ. దాకా ఎక్కాలి, నాళిక 3 సెం.మీ. దగ్గరే అయిపోయింది. నీరు పైనుంచి ఊరి పొర్లుతుందా? బలాల దారిలో వెళ్తే పైకి లాగే బలం 14 మి.గ్రా. మోయగలదు, ఉన్న నీరు 8.5 మి.గ్రా. మాత్రమే. మిగిలిన బలం ఏమైనట్టు? పొర్లుతుందని జవాబు రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. నిజంగా పొర్లితే ఆ నీటితో చిన్న చక్రం తిప్పుకోవచ్చు, ఇంధనం అక్కర్లేకుండా ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అలా జరగదని అందరికీ తెలుసు. ఎందుకు జరగదో మాత్రం బలాల దారి నేరుగా చెప్పదు.

పీడనాల దారి వెంటనే చెబుతుంది. ఎత్తు 3 సెం.మీ. దగ్గర ఇరుక్కుపోయింది కాబట్టి మారాల్సింది R.

R = 2T / (ρ g h) = 0.1456 / (9800 × 0.03) = 0.000495 m

మెనిస్కస్ గోళ వ్యాసార్ధం 0.30 మి.మీ. నుంచి 0.495 మి.మీ.కి పెరిగింది. వంపు తగ్గి ఉపరితలం చదునైంది. పైఅంచు దగ్గర అది గోడతో చేసే కోణం α అనుకుంటే, cosα = r / R = 0.30 / 0.495 = 0.606, అంటే α = 52.7 డిగ్రీలు. hR విలువ రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఎత్తు ఎంత తగ్గితే వ్యాసార్ధం అంత పెరుగుతుంది.

ఇక్కడొక అనుమానం రావాలి. గాజుకు, నీటికి కోణం సున్నా అని చెప్పి ఇప్పుడు 52.7 అంటే ఎలా? గోడ మధ్యలో ఉన్నంతసేపు కోణం సున్నా కావాల్సిందే. అక్కడ ఎక్కువ కోణం ఉంటే నీరు ఇంకా ముందుకు జరిగి దాన్ని సరిచేసుకుంటుంది. అంచు దగ్గర గోడ అయిపోయి, గాజు ఒక్కసారిగా 90 డిగ్రీలు తిరుగుతుంది. నీరు ఆ మలుపు దాటి పైనున్న చదునైన ముఖం మీదికి పాకాలంటే, ఆ ముఖంతో కూడా కోణం సున్నాను దాటాలి. లోపలి గోడ నుంచి కొలిస్తే అది 90 డిగ్రీలు దాటడమే. కాబట్టి సున్నాకూ 90కీ మధ్య ఏ కోణంతోనైనా మెనిస్కస్ ఆ అంచును పట్టుకుని కదలకుండా ఉండగలదు. నాళికను ఇంకా కిందికి ముంచుతూ పోతే కోణం పెరుగుతూ పోతుంది. పైఅంచు సరిగ్గా బయటి నీటి మట్టానికి వచ్చినప్పుడు h = 0, ఉపరితలం పూర్తిగా చదును, కోణం 90. బయటి మట్టం కంటే పైన ఉన్నంతవరకూ పొర్లే పరిస్థితి రానే రాదు. మిగిలిపోయిందనుకున్న బలానికి కూడా ఇదే జవాబు. ఉపరితలం వాలి లాగుతోంది కాబట్టి నిలువుగా పనిచేసేది 2πrT లో 0.606 వంతే, అది 8.5 మి.గ్రా. బరువుకు సరిపోతుంది.

రెండో సందర్భం ఇంకా ఆసక్తికరం. 1718లో జేమ్స్ జ్యూరిన్ కింద వెడల్పుగా, పైన సన్నగా ఉన్న నాళికలతో ప్రయోగాలు చేసి, ఎత్తు మెనిస్కస్ ఉన్న చోటి రంధ్రం మీదే ఆధారపడుతుందని తేల్చాడు. ఆ తరహా నాళికను అంకెలతో చూద్దాం. నీటి మట్టం నుంచి 3 సెం.మీ. దాకా వ్యాసార్ధం 1.5 మి.మీ. అక్కడ ఒక భుజం ఉండి, దాని పైన 0.30 మి.మీ. సన్నని మెడ.

పొడిగా ఉన్న నాళికను నీటిలో నిలబెడితే నీరు వెడల్పు భాగంలోనే ఎక్కుతుంది. అక్కడ ఎత్తు 0.1456 / (9800 × 0.0015) = 0.0099 m, సుమారు 1 సెం.మీ. భుజం ఇంకా 2 సెం.మీ. పైన ఉంది, నీరు దాన్ని అందుకోలేదు. ఇప్పుడు పైనుంచి పీల్చి నీటిని మెడలోకి రప్పించి వదిలేయండి. మెనిస్కస్ మెడలో ఉంది, అక్కడ r = 0.30 మి.మీ., కాబట్టి నీరు 4.95 సెం.మీ. దగ్గరే నిలుస్తుంది. ఒకే నాళిక, ఒకే నీరు, నిలకడగా ఉండగల ఎత్తులు రెండు. నీరు ఏ దారిన వచ్చిందన్నదే ఏ ఎత్తో తేలుస్తుంది.

బరువు చూడండి. వెడల్పు భాగంలో 3 సెం.మీ. నీరు 212.1 మి.గ్రా., మెడలో మిగిలిన 1.95 సెం.మీ. నీరు 5.5 మి.గ్రా. మొత్తం 217.6 మి.గ్రా. మెడలోని అంచు వెంబడి తలతన్యత మోసేది ఇందాకటిలాగే 14.0 మి.గ్రా. మాత్రమే. మిగతా 203.6 మి.గ్రా. ఎవరు మోస్తున్నారు?

మోస్తున్నది భుజం. కాస్త వింతగా అనిపిస్తుంది, భుజం నీటికి పైన ఉంది కదా, పైనున్న గాజు నీటిని కిందికే నొక్కాలి. నొక్కుతుంది కూడా, కానీ తక్కువగా. 3 సెం.మీ. ఎత్తులో నీటి పీడనం బయటి కంటే 1000 × 9.8 × 0.03 = 294 Pa తక్కువ. కింద నీటి మట్టం దగ్గర నాళిక మొత్తం వెడల్పు మీద పూర్తి వాతావరణ పీడనం పైకి నెడుతోంది. భుజం మాత్రం 294 Pa తగ్గిన పీడనంతో కిందికి నొక్కుతోంది. భుజం వైశాల్యం π(1.5² − 0.30²) = 6.79 చదరపు మి.మీ. దాన్ని 294తో గుణిస్తే 1.995 × 10⁻³ N, అంటే 203.6 మి.గ్రా. బరువు. 14.0 తో కలిపితే 217.6. లెక్క చుక్క తేడా లేకుండా సరిపోయింది.

అంటే బలాల దారి తప్పని కాదు. నాళిక నీటి మీద చూపే బలాలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటే అదీ సరైన జవాబే ఇస్తుంది. నిట్టనిలువు గోడల నాళికలో గోడ పీడనం అడ్డంగా మాత్రమే పనిచేస్తుంది, నిలువు లెక్కలోకి రాదు. అందుకే అక్కడ ఒక్క తలతన్యతతో పని జరిగిపోతుంది. ఆ సౌకర్యాన్నే నియమం అనుకుంటే చిక్కు.

ప్రయోగశాలలో ఈ సూత్రంతోనే తిరగేసి T కనుక్కుంటారు. అక్కడ జరిగే పొరపాట్లకు కూడా మూలం చాలావరకు ఇక్కడే ఉంది. ఎత్తును తేల్చేది మెనిస్కస్ దగ్గరి రంధ్రం కాబట్టి, వ్యాసార్ధాన్ని నాళిక చివరన కొలిస్తే లాభం లేదు. సాగదీసి తయారుచేసిన గాజు నాళికలు పొడవునా ఒకేలా ఉండవు. మెనిస్కస్ నిలిచిన చోట గుర్తు పెట్టుకుని, ఆఖర్న అక్కడ విరిచి, ఆ కోత దగ్గర రంధ్రం వ్యాసాన్ని మైక్రోస్కోపుతో రెండు లంబ దిశల్లో కొలవాలి. r లో 2 శాతం తప్పు వస్తే T లోనూ అంతే తప్పు వస్తుంది. దానితో పోలిస్తే మెనిస్కస్ అడుగు పైన గోడ పక్కన ఉండే కొద్దిపాటి నీటిని లెక్కలోకి తీసుకోవడం చిన్న విషయం. కొలిచిన ఎత్తుకు r/3 కలపాలి, మన నాళికకు అది 0.1 మి.మీ. 1.5 మి.మీ. వ్యాసార్ధమున్న నాళికకు మాత్రం ఈ సవరణ అర మిల్లీమీటరు అవుతుంది, పైగా మెనిస్కస్ పూర్తి గోళాకారంలో కూడా ఉండదు. సుమారు 1 సెం.మీ. అని పైన అనడం అందుకే.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది θ. కొద్దిపాటి కోణం వల్ల పెద్ద నష్టం లేదు. 10 డిగ్రీలైతే ఎత్తు 4.95 నుంచి 4.88 సెం.మీ.కి తగ్గుతుంది, అంతే. గోడకు జిడ్డు అంటి కోణం 45 అయితే 3.50కి, 60 అయితే 2.48కి పడిపోతుంది. ఆ సంగతి తెలియకుండా θ = 0 అని సూత్రంలో వేస్తే నీటి తలతన్యత సగం అని తేలుతుంది, లెక్కలో ఎక్కడా తప్పు కనిపించదు.

దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. జిడ్డు గోడ మీద కోణానికి ఒకే విలువ ఉండదు. నీరు ముందుకు పాకుతున్నప్పుడు ఎక్కువ, వెనక్కి తగ్గుతున్నప్పుడు తక్కువ. కాబట్టి ముందు నాళికను నీటిలో నిలబెట్టి, నీరు కింది నుంచి ఎక్కి ఆగిన ఎత్తు రాసుకోవాలి. తర్వాత నాళికను ఇంకొంచెం లోతుకు ముంచి మెల్లగా పైకి తీసి, నీరు పైనుంచి దిగి ఆగిన ఎత్తు రాసుకోవాలి. రెండూ కలిస్తే నాళిక శుభ్రంగా ఉన్నట్టు. దిగి ఆగిన ఎత్తు ఎక్కువగా ఉంటే, ఇంకేమీ లెక్క వేయకుండా నాళికను కడగడానికి తీసుకెళ్లాలి. కళ్లతోనే తెలిసే ఆనవాలు కూడా ఉంది. శుభ్రమైన గోడ మీద నీరు దిగుతున్నప్పుడు వెనక పలుచని పొర తెగకుండా మిగులుతుంది. జిడ్డున్న చోట ఆ పొర చిట్లి చుక్కలుగా విడిపోతుంది.

భుజమున్న నాళికకు ఇదే పరీక్ష పెట్టబోతే జాగ్రత్త. నీటితో నింపిన దాన్ని పైకి లేపుతూ పోతే, భుజం 4.95 సెం.మీ. లోపు ఉన్నంతవరకూ మెనిస్కస్ మెడలోనే నిలిచి, బయటి మట్టం నుంచి అదే ఎత్తు చూపిస్తుంది. భుజం ఆ గీత దాటగానే మెనిస్కస్ మెడలోంచి జారి వెడల్పు భాగంలోకి వస్తుంది. అక్కడి రంధ్రానికి తగిన ఎత్తు 1 సెం.మీ. మాత్రమే కాబట్టి నీరు ఒక్క ఊపున అక్కడిదాకా పడిపోతుంది. నాళికను మళ్లీ కిందికి దించినంత మాత్రాన తిరిగి పైకి ఎక్కదు. భుజాన్ని ఆ 1 సెం.మీ. గీత దాకా ముంచాలి, లేదా మళ్లీ పీల్చాలి.